మ్యాచ్ పడట్లేదు, పడితే సింగపూర్‌లో పడుతోంది: శ్రీకాకుళం, విజయనగరం గేమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి కూతవేటు దూరంలో నాకో చిన్న గేమింగ్ సెంటర్ ఉంది. ఎనిమిది సిస్టమ్‌లు. రోజూ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా వినబడే మాటలు రెండే: "అన్నియ్యా, మ్యాచ్ పడట్లేదు", "అన్నియ్యా, మళ్లీ సింగపూర్‌లో పడేసింది". ఇద్దరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువగా వాలరెంట్ గురించే రాశాను, మా దగ్గర ఆడేది అదే కాబట్టి. డోటా 2, కౌంటర్ స్ట్రైక్ 2 సంగతి అవసరమైన చోట వస్తుంది.

క్యూలో పది నిమిషాలు కూర్చున్నా మ్యాచ్ రావట్లేదు. నెట్ బాలేదా?

చాలాసార్లు నెట్‌కీ దీనికీ సంబంధమే ఉండదు. నెట్ బాగోకపోతే మ్యాచ్ పడ్డాక ఏడిపిస్తుంది, పడకముందు కాదు. క్యూ అంటే మన రైతుబజారు దగ్గర షేర్ ఆటో లాంటిది. పదిమంది నిండితేగాని కదలదు. ఆ పదిమంది కూడా ఎవరో ఒకరు కాదు, మీ ర్యాంక్‌కి దగ్గరగా ఉండాలి, మీరు ఎంచుకున్న మోడ్‌లోనే ఉండాలి, మీరు ఒప్పుకున్న సర్వర్‌కే వాళ్లూ ఒప్పుకోవాలి.

లెక్క కోసం ఇలా అనుకోండి. సాయంత్రం తొమ్మిదికి ముంబై సర్వర్‌లో మీ ర్యాంక్ వాళ్లు నిమిషానికి అరవై మంది క్యూలోకి వస్తున్నారు. పదిమంది పది సెకన్లలో దొరుకుతారు. రాత్రి రెండుకి నిమిషానికి ముగ్గురే వస్తున్నారనుకుంటే, పదిమంది పోగవడానికే మూడు నిమిషాలు దాటుతుంది. ఈలోగా ఇద్దరు విసుగొచ్చి క్యూ వదిలేస్తారు, లెక్క మళ్లీ వెనక్కి పోతుంది. అందుకే అర్ధరాత్రి క్యూ కొద్దిగా పెరగదు, ఒక్కసారిగా సాగిపోతుంది.

ర్యాంక్ పైకి పోయేకొద్దీ ఇదే జరుగుతుంది. గోల్డ్ వాళ్లకి పట్టపగలు కూడా మ్యాచ్ వెంటనే దొరుకుతుంది. ఇమ్మోర్టల్ కుర్రాళ్లు మా దగ్గర క్యూ నొక్కి, బయటికెళ్లి టీ తాగి వస్తారు.

మరి నెట్ తప్పో, జనం లేకపోవడమో ఎలా తెలుసుకోవాలి?

అదే గేమ్‌లో ర్యాంక్‌తో పనిలేని మోడ్ ఒకటి క్యూ పెట్టండి. వాలరెంట్‌లో అయితే డెత్‌మ్యాచ్. అది నిమిషంలోపు దొరికి, కాంపిటీటివ్ మాత్రం పది నిమిషాలైనా రాకపోతే మీ నెట్ శుభ్రంగా ఉంది, మీ ర్యాంక్‌లో జనం లేరు. రెండూ రావట్లేదంటే గేమ్ సర్వర్లలోనే ఏదో తేడా ఉండొచ్చు, లేదా మీరు టిక్ పెట్టిన సర్వర్ల జాబితా మరీ ఇరుకుగా ఉండొచ్చు. గేమ్ ఒకసారి పూర్తిగా మూసి తెరిచి, ఆ జాబితా చూడండి.

శ్రీకాకుళానికి దగ్గర సర్వర్ ఏది?

ఇదే అసలు ప్రశ్న. మ్యాప్ చూసి జవాబు చెబితే తప్పు పడుతుంది.

మ్యాప్ మీద సూటిగా కొలిస్తే మనకి చెన్నై సుమారు 700 కిలోమీటర్లు, ముంబై 1,160, సింగపూర్ 2,900 దాకా. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. పింగ్ అంటే పోయి రావడం కాబట్టి, ప్రతి 100 కిలోమీటర్ల దూరానికీ ఒక మిల్లీసెకను వేసుకోండి. ఆ లెక్కన ముంబైకి 12, సింగపూర్‌కి 29 చాలు. కానీ అంత తక్కువ ఎవరికీ రాదు, ఎందుకంటే తీగ సూటిగా పోదు. మన దగ్గర నుంచి విశాఖపట్నం, అక్కడి నుంచి విజయవాడ, ఆ తర్వాత హైదరాబాద్ మీదుగానో చెన్నై మీదుగానో ముంబై. మధ్యలో ప్రతి మజిలీలోనూ రూటర్లు ఉంటాయి. సింగపూర్‌కి అయితే చెన్నై దాకా నేల మీద వెళ్లి అక్కడ సముద్రంలో దిగాలి. చెన్నై నుంచి సింగపూర్ దాకా కేబులే 3,000 కిలోమీటర్లు దాటుతుంది.

మా సెంటర్‌లో మామూలు రోజున వైరు మీద ముంబైకి 42 నుంచి 48, సింగపూర్‌కి 66 నుంచి 75 కనబడుతుంది. మీ ఇంట్లో ఇవే రావాలని లేదు. మీ కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఏ దారిన పంపుతున్నారన్నదే తేల్చేది. పలాసలో ఒకే వీధిలో రెండు ఇళ్లకి, రెండు వేర్వేరు కనెక్షన్లకి, ముంబై పింగ్ 50, 110 చూశాను.

ఆటో పెడితే గేమే మంచి సర్వర్ చూసుకోదా?

చూసుకుంటుంది. అయితే అది చూసేది మ్యాప్ కాదు, తీగ. గేమ్ తెరిచినప్పుడు ఒక్కో డేటా సెంటర్‌కీ చిన్న ప్యాకెట్లు పంపి, ఎంతసేపట్లో తిరిగొచ్చాయో కొలుస్తుంది. ఆ కొలత తీసుకున్న క్షణంలో ఇంట్లో ఎవరో సినిమా డౌన్‌లోడ్ పెట్టి ఉంటే అన్ని అంకెలూ ఉబ్బుతాయి. ముంబై 45 కాస్తా 120 అవుతుంది, సింగపూర్ 70 కాస్తా 115 అవుతుంది. అప్పుడు ఆటో సింగపూర్ తీసుకుంటే దాని తప్పేం లేదు.

రెండోది, చాలా గేముల్లో క్యూ సాగేకొద్దీ షరతులు సడలుతాయి. మొదట దగ్గర ర్యాంక్, దగ్గర సర్వర్ అని పట్టుబట్టిన గేమే కాసేపటికి "సరే, కొంచెం దూరమైనా పర్లేదు" అంటుంది. రాత్రి పన్నెండు దాటాక సింగపూర్‌లో పడటానికి ఎక్కువ కారణం ఇదే.

మూడోది వీపీఎన్. ఆన్‌లో మరిచిపోయి గేమ్ తెరిచే పిల్లలు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ.

వాలరెంట్‌లో సర్వర్ చేత్తో ఎంచుకోవడం ఎలా?

ముందు డౌన్‌లోడ్‌లన్నీ ఆపండి. ఫోన్లలో వీడియోలు కూడా. గేమ్ మూసి మళ్లీ తెరవండి, పాత కొలతలు పోయి కొత్తవి రావాలి. PLAY నొక్కి లాబీలోకి వెళ్తే పింగ్ చూపించే సిగ్నల్ గుర్తు కనబడుతుంది. దాన్ని నొక్కితే సర్వర్ల పేర్లు, పక్కన పింగ్ అంకెలు వస్తాయి. మన అకౌంట్‌లు ఏషియా పసిఫిక్‌లో ఉంటాయి కాబట్టి ముంబై, సింగపూర్, హాంకాంగ్, టోక్యో, సిడ్నీ లాంటివి కనబడతాయి. ముంబై ఒక్కదానికే టిక్ ఉంచి మిగతావి తీసేయండి. క్యూ మరీ సాగితే సింగపూర్ కలపండి. హాంకాంగ్, టోక్యో, సిడ్నీల జోలికి మనం పోనక్కర్లేదు. ఎప్పుడో పొరపాటున టిక్ పడి ఉంటే మాత్రం తీసేయండి.

పార్టీలో ఆడుతుంటే అందరూ ఒకే టిక్కులు పెట్టుకున్నారో లేదో అడగండి. "నేను ముంబైయే పెట్టాను" అని నలుగురూ ఒట్టు పెట్టాక, ఐదోవాడి జాబితాలో అయిదు సర్వర్లకీ టిక్ ఉన్న సందర్భం మా దగ్గరే జరిగింది.

ఎంచుకున్నది నిజంగా పనిచేస్తోందో లేదో చూడాలంటే కస్టమ్ గేమ్ ఒకటి తెరవండి. అక్కడ సర్వర్ మీ ఇష్టం, జనం కోసం ఎదురుచూపు ఉండదు. ముంబై పెట్టి లోపలికెళ్లి, సెట్టింగ్స్‌లో వీడియో కింద ఉండే Stats లో Network RTT, Packet Loss ఆన్ చేసుకుని, రెండు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. లాబీ చూపించిన అంకెకీ ఇక్కడ కనబడే అంకెకీ పదికి మించి తేడా ఉంటే మీ వైఫై కుదురుగా లేదు.

నా జాబితాలో ముంబై పేరే లేదు!

అయితే మీ అకౌంట్ రీజియన్ వేరు. ఇది టిక్కులతో తేలేది కాదు.

రయట్ అకౌంట్ తెరిచినప్పుడు మీరు ఏ దేశంలో ఉన్నట్టు కనబడ్డారో ఆ రీజియన్‌కి అది అతుక్కుంటుంది. వీపీఎన్ పెట్టుకుని అకౌంట్ తెరిచినవాళ్లకి, ఎవరో గల్ఫ్‌లో తెరిచిన అకౌంట్ వాడుకుంటున్నవాళ్లకి ఇదే జరుగుతుంది. వీపీఎన్ తీసేసి, మన దేశపు కనెక్షన్ మీద నుంచి రయట్ సపోర్ట్‌కి టికెట్ పెట్టి రీజియన్ మార్చమని అడగాలి. మార్చేదాకా మిగతా తంటాలన్నీ వృథా.

దీని తమ్ముడు లాంటి ప్రశ్న ఇంకోటి ఉంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా. "మా బావ దుబాయ్‌లో ఆడతాడు, ఇద్దరం కలిసి ఎందుకు ఆడలేకపోతున్నాం?" అని అడుగుతారు. వాలరెంట్‌లో గల్ఫ్ ఆటగాళ్లు యూరప్ రీజియన్ కిందికి వస్తారు, మనం ఏషియా పసిఫిక్. రీజియన్లు వేరైతే ఒక పార్టీలో చేరనివ్వదు. బావతో ఆడాలంటే ఇద్దరిలో ఒకరికి రెండో అకౌంట్ ఉండాలి, లేదా డోటాకి రావాలి. అక్కడ ఈ గోడ లేదు.

నాకు ముంబై 148, సింగపూర్ 71 చూపిస్తోంది. గేమ్‌కి మతి పోయిందా?

మొన్న ఆమదాలవలస నుంచి వచ్చిన కుర్రాడి ఇంటి నెట్‌లో అచ్చంగా ఇవే అంకెలు. వాడు ముంబైకే టిక్ పెట్టుకుని 148 మీద వారం రోజులు ఆడి, ర్యాంక్ పోగొట్టుకుని, మా దగ్గరికొచ్చి 44 మీద ఆడి ఏడ్చినంత పని చేశాడు. "ముంబై మన దేశంలో ఉంది, సింగపూర్ సముద్రం అవతల ఉంది, అదెలా దగ్గరవుతుంది అన్నియ్యా?" అన్నది వాడి వాదన.

ఇంటికెళ్లి కొలవమన్నాను. గేమ్ సర్వర్‌నే సూటిగా కొలవడం కష్టం కాబట్టి, ఆ ఊళ్లలోనే ఉన్న అమెజాన్ క్లౌడ్ చిరునామాలతో పని కానిచ్చాం. ఇవి గేమ్ సర్వర్లు కావు, ఆ ఊరి దాకా మీ దారి ఎలా ఉందో చెబుతాయి. మొదటిది ముంబై, రెండోది సింగపూర్:

```
ping -n 50 dynamodb.ap-south-1.amazonaws.com
ping -n 50 dynamodb.ap-southeast-1.amazonaws.com
```

విండోస్‌లో స్టార్ట్ నొక్కి `cmd` అని కొట్టి, ఆ నల్ల కిటికీలో ఒక్కోటీ వేయాలి. యాభై ప్యాకెట్లు పోయి వచ్చాక చివర్లో Minimum, Maximum, Average చూపిస్తుంది. వాడికి ముంబై సగటు 141, సింగపూర్ 68 వచ్చింది. అంటే గేమ్ అబద్ధం చెప్పడం లేదు. ఇక దారి చూడాలి:

```
tracert dynamodb.ap-south-1.amazonaws.com
```

ఇది మధ్యలో తగిలిన ఒక్కో రూటర్‌నీ ఒక్కో వరుసలో చూపిస్తుంది. రూటర్ల పేర్లలో విమానాశ్రయాల మూడక్షరాల గుర్తులు దాగి ఉంటాయి: `maa` అంటే చెన్నై, `hyd` హైదరాబాద్, `bom` ముంబై, `sin` సింగపూర్. వాడి దారిలో నాలుగో వరుస 9, ఆరో వరుస `maa` దగ్గర 24, ఆ తర్వాతి వరుస `sin` దగ్గర 66, ఆ పైన ఒక్కసారిగా 140. చెన్నై నుంచి ముంబైకి పోవాల్సిన ప్యాకెట్ సింగపూర్ వెళ్లి, అక్కడి నుంచి ముంబైకి తిరిగొస్తోంది. నరసన్నపేట పోవాల్సిన మనిషి విజయవాడ వెళ్లి వెనక్కి వచ్చినట్టు.

ఇంటర్నెట్‌లో ఇది అరుదేం కాదు. మీ కనెక్షన్ ఇచ్చిన సంస్థకీ అవతలి నెట్‌వర్క్‌కీ మన దేశంలో కలిసే చోటు లేకపోయినా, ఉన్న చోట లింకు నిండిపోయినా, ఇద్దరూ ఎక్కడ కలుస్తారో అక్కడికి ప్యాకెట్ వెళ్లాల్సిందే. అది సింగపూర్ అయితే సింగపూర్‌కే.

ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే `ping` వేయమన్నాను. ముంబై 57 వచ్చింది. మొబైల్ నెట్ అంటే ఎప్పుడూ కొంచెం ఎగుడుదిగుడే, అయినా 141 ఎక్కడ, 57 ఎక్కడ! సిస్టమ్ అదే, ఇల్లు అదే, మారింది దారి ఒక్కటే. ఇంక సందేహం లేదు.

ఆ రాత్రికి చేసింది ఏమిటంటే, ముంబై టిక్ తీసేసి సింగపూర్ ఒక్కటే ఉంచాం. అంటే ఆటో ఎంచుకున్నదాన్నే చేత్తో ఖాయం చేశాం. 71 మీద వాడికి ఆట కుదిరింది. సర్వర్ ఏ దేశంలో ఉందన్నది ఆటకి అనవసరం, అంకె చిన్నదై కుదురుగా ఉంటే చాలు.

నెట్ కంపెనీకి చెబితే వింటారా?

"స్లోగా ఉంది" అంటే వినరు. మనిషిని పంపుతారు, ఆయన స్పీడ్ టెస్ట్ పెట్టి, వంద వస్తోంది కదా బాబూ అని వెళ్లిపోతాడు. స్పీడ్ టెస్ట్ దగ్గర్లో ఉన్న సర్వర్‌ని వెతుక్కుంటుంది, మనకైతే విశాఖో హైదరాబాదో. అక్కడిదాకా రోడ్డు బాగానే ఉంది, గొడవంతా ఆ తర్వాతే. ఆమదాలవలస కుర్రాడి విషయంలోనూ మొదటి రెండుసార్లూ ఇలాగే అయింది.

మూడోసారి `tracert` స్క్రీన్‌షాట్, హాట్‌స్పాట్ మీద తీసిన `ping` స్క్రీన్‌షాట్ రెండూ పెట్టి, "ముంబై ట్రాఫిక్ సింగపూర్ మీదుగా పోతోంది, రూటింగ్ టీమ్‌కి పంపండి" అని ఒక్క వాక్యం రాయించాను. తొమ్మిది రోజులకి ముంబై 49 అయింది. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఒకరోజు లాబీలో అంకె చూసి వాడే కనిపెట్టాడు. `tracert` మీరు రోజూ ఒకే సమయానికి తీసి పెట్టుకుంటే ఇంకా బలం. సాయంత్రాలే పెరుగుతుంటే లింకు నిండటం, రోజంతా ఒకలాగే ఉంటే రూటింగ్.

మధ్యలో `tracert` వరుసల్లో నక్షత్రాలు కనబడితే కంగారు పడొద్దు. కొన్ని రూటర్లు జవాబివ్వవు, అంతే. చివరి వరుస దాకా అంకెలు వస్తే ఆ నక్షత్రాలని వదిలేయండి.

రాత్రి ఒంటిగంటకి సింగపూర్ కలిపినా క్యూ తగ్గట్లేదు. ఎందుకు?

గడియారం చూడండి. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. మనకి ఒంటిగంట అంటే అక్కడ మూడున్నర. మనవాళ్లు పడుకున్నారని అక్కడికి వెళ్తే, వాళ్లు ఎప్పుడో పడుకున్నారు.

సింగపూర్ కలపడం పనికొచ్చేది సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్య. మనకి నాలుగంటే అక్కడ ఆరున్నర, ఆఫీసులు, కాలేజీలు అయిపోయిన వేళ. మనవాళ్లింకా కాలేజీ బస్సుల్లో ఉంటారు కాబట్టి ముంబై పలచగా ఉంటుంది, సింగపూర్ నిండుగా ఉంటుంది. అర్ధరాత్రికి పడమర చూడాలి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. మనకి ఒంటిగంట, వాళ్లకి పదకొండున్నర, అందులోనూ సెలవు ముందు రాత్రి అయితే జనమే జనం. వాలరెంట్‌లో ఆ అవకాశం లేదని పైన చెప్పుకున్నాం. డోటాలో, కౌంటర్ స్ట్రైక్‌లో ఉంది.

డోటా 2లో ఎలా?

ఈ మూడింట్లో సులువైనది ఇదే. ప్లే డోటా నొక్కితే వచ్చే పట్టీలో రీజియన్ పేరు ఉంటుంది, దాన్ని నొక్కితే ప్రపంచమంతా పింగ్‌లతో సహా కనబడుతుంది. ఆటో తీసేసి ఇండియా పెట్టండి. పగలైతే ఎస్ఈ ఏషియా, రాత్రయితే దుబాయ్ కలపండి. మా దగ్గర దుబాయ్ ముంబై మీద ఇంకో 35, 40 ఎక్కువ ఉంటుంది, అంటే 85 దాకా. డోటాకి అది సరిపోతుంది. వాలరెంట్‌లో 85 అంటే తల గోడ చాటున పెట్టాక కూడా చచ్చిపోతారు.

క్యూ సాగడానికి డోటాలో ఇంకో కారణం ఉంది. అందరూ కోర్ ఆడతామంటే ఎవరో ఒకరు సపోర్ట్ ఆడాలి కదా. రోల్స్‌లో రెండే టిక్ పెట్టుకుని మ్యాచ్ రావట్లేదని సర్వర్లు మార్చేవాళ్లకి ఒకటే మాట: ముందు సపోర్ట్‌కి టిక్ పెట్టి చూడండి.

కౌంటర్ స్ట్రైక్ 2లో సర్వర్ల జాబితానే కనబడట్లేదు?

ఉండదు. వాల్వ్ వాళ్లు పేర్లు ఇవ్వలేదు, ఒక హద్దు మాత్రం ఇచ్చారు. సెట్టింగ్స్‌లో గేమ్ కింద "Max Acceptable Matchmaking Ping" అని ఉంటుంది. ఆ అంకె దాటిన డేటా సెంటర్లని పక్కన పెట్టు అని చెప్పడమే. కన్సోల్‌లో అయితే ఇలా:

```
mm_dedicated_search_maxping 60
```

పేర్లు లేకపోయినా దీంతోనే ఊళ్లు ఎంచుకోవచ్చు. వాల్వ్‌కి మన దేశంలో చెన్నైలోనూ ముంబైలోనూ సర్వర్లు ఉన్నాయి. మా సెంటర్ నుంచి చెన్నై 30 చిల్లర, ముంబై 45, సింగపూర్ 70, దుబాయ్ 85 అనుకోండి. హద్దు 60 పెడితే మన దేశమే. 75 పెడితే సింగపూర్ కలుస్తుంది. 90 పెడితే దుబాయ్ కూడా. 40 పెట్టిన ఘనుడు ఒకడున్నాడు మా దగ్గర, చెన్నై ఒక్కటే మిగిలి ఇరవై నిమిషాలు క్యూలో కూర్చుని గేమ్ చచ్చిపోయిందని తిట్టాడు. పింగ్ ఎప్పుడూ ఒకచోట నిలబడదు కాబట్టి, కావలసిన సర్వర్ అంకె మీద ఓ పదిహేను ఎక్కువ వేసి పెట్టుకోండి.

కాంపిటీటివ్‌లో ఒక్క మ్యాప్‌కే టిక్ పెట్టడం కూడా క్యూని చంపేస్తుంది. సర్వర్ హద్దు పెంచేముందు ఇంకో రెండు మ్యాప్‌లు కలపండి.

ఫైర్‌వాల్‌లో సింగపూర్‌ని బ్లాక్ చేసే సాఫ్ట్‌వేర్ ఉందట, పెట్టమంటారా?

నేను పెట్టను. వాల్వ్ గేముల్లో మీ కంప్యూటర్ సర్వర్‌తో సూటిగా మాట్లాడదు, మధ్యలో రిలేలు ఉంటాయి. సింగపూర్ రిలేని మీరు బ్లాక్ చేస్తే, గేమ్ చెన్నై రిలే మీదుగా సింగపూర్ వెళ్లే దారి వెతుక్కోవచ్చు. తప్పించుకున్నామనుకుంటూ కొంచెం ఎక్కువ పింగ్‌తో అక్కడికే చేరతారు. రిలేల అడ్రసులు మారుతుంటాయి కూడా. ఆరు నెలల క్రితం ఎవరో పెట్టిన రూల్స్ మరిచిపోయి, గేమ్ అసలు కనెక్టే అవట్లేదని సిస్టమ్ ఫార్మాట్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. హద్దు అంకె చేసే పని దీనికంటే శుభ్రంగా ఉంటుంది.

స్టీమ్‌లో డౌన్‌లోడ్ రీజియన్ చెన్నై పెడితే మ్యాచ్‌లు చెన్నైలో పడతాయా?

పడవు. అది గేమ్ ఫైళ్లు ఎక్కడి నుంచి దించుకోవాలో చెప్పేది మాత్రమే.

వీపీఎన్, పింగ్ తగ్గించే యాప్‌లు పనిచేస్తాయా?

ఆమదాలవలస కుర్రాడి లాంటి కేసులో పనిచేయొచ్చు. మీ కంపెనీ దారి వంకరగా ఉండి, వీపీఎన్ వాళ్లకి ముంబై దాకా సూటి దారి ఉంటే 140 కాస్తా 60 అవుతుంది. మీ దారి ముందే బాగుంటే అదనంగా ఒక మజిలీ కలిసి నాలుగైదు పెరుగుతుంది. డబ్బు కట్టేముందు, వీపీఎన్ వేసి ఒకసారి, తీసి ఒకసారి పైన చెప్పిన `ping` యాభై ప్యాకెట్లతో చూసుకోండి. క్యూ పొడుగు మాత్రం ఏ యాప్ వల్లా తగ్గదు. జనం లేనిచోట జనాన్ని అది తేలేదు.

ఇంట్లో అన్నీ సరిగానే ఉన్నాయి, సాయంత్రం మాత్రం అంకెలు ఎగిరిపడుతున్నాయి?

ముందు రూటర్ నుంచి వైరు లాగి చూడండి. పాతిక రూపాయల సంగతి కాదు నిజమే, కానీ పదిహేను మీటర్ల క్యాట్ 6 వైరు కొనడం కొత్త రూటర్ కొనడం కంటే చౌక. వైరు మీద కుదురుగా ఉంటే దోషం వైఫైది. వైరు మీదా ఎగిరిపడుతుంటే ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో కనుక్కోండి. లైను నిండిపోయినప్పుడు గేమ్ ప్యాకెట్లు వీడియో ప్యాకెట్ల వెనక వరుస కడతాయి. రూటర్‌లో క్యూఓఎస్ అని ఉంటే, మొత్తం వేగాన్ని మీకు వచ్చేదానికంటే పదిశాతం తక్కువకి కట్టేయండి, ఆ వరుస చాలావరకు కరిగిపోతుంది.

ఇవేవీ కాకుండా ఒక్కరోజులో ముంబై 45 నుంచి 90కి దూకి అక్కడే ఉండిపోతే, దారిలో ఎక్కడో ఫైబర్ తెగి ఉంటుంది. రోడ్డు పనుల జేసీబీ తెంపడం మామూలే. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు కరెంటు స్తంభాలే మిగల్లేదు, ఇక తీగల సంగతి చెప్పేదేముంది. తెగినప్పుడు ట్రాఫిక్ భువనేశ్వర్, కోల్‌కతా మీదుగా తిప్పుతారు. అతుకు పడ్డాక పాత అంకె దానంతటదే వస్తుంది. ఆ రెండు మూడు రోజులు సెట్టింగ్‌లు కెలక్కండి. కెలికితే, లైను బాగయ్యాక ఏది ఎందుకు మార్చారో మీకే గుర్తుండదు.

ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాం. అందులో సర్వర్ మార్చుకోవచ్చా?

అది మన దేశం కోసమే వేరుగా తీసిన గేమ్, ఇక్కడ చెప్పినట్టు ఊరూరా ఎంచుకునే జాబితా ఉండదు. మీరు చేయగలిగింది వైఫై, మొబైల్ డేటా రెండింట్లోనూ ఆడి చూసి, ఏది కుదురుగా ఉంటే దాని మీద ఉండటం.

మీ సెంటర్‌కి వస్తే చూపిస్తారా?

రండి. మీ ఇంటి `tracert` స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకుని రండి, అది లేకుండా వస్తే మళ్లీ ఇంటికే పంపుతాను. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, ఆ వేళకి మా దగ్గర కుర్చీలకే క్యూ ఉంటుంది.